తిట్టిన గురువు గురించి రాయమని అడిగే సంపాదకులకు

అభినందన సంచికలు, స్మారక సంచికలు, పదవీ విరమణ సావనీర్లు తెచ్చే సంపాదకులకు,

నమస్కారం.

మీరు వ్యాసకర్తలకు పంపే ఆహ్వానాల్లో ఒక ప్రశ్న తరచూ కనిపిస్తుంది: "మీ గురువు గాని, పై అధికారి గాని మిమ్మల్ని కటువుగా విమర్శించిన సందర్భం ఏది? ఇన్నేళ్ళ తర్వాత దాన్ని ఎలా చూస్తున్నారు?" ప్రశ్న బాగానే ఉంది. వచ్చే జవాబులే ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటి పేరాలో తిట్టు, రెండో పేరాలో కన్నీళ్ళు, మూడో పేరాలో "ఆయన ఆ రోజు అలా అనకపోయి ఉంటే నేను ఈ రోజు ఇక్కడ ఉండేదాన్ని కాదు". చివర్లో ఒక పాదాభివందనం. ఇలాంటి వ్యాసాలు దిద్దే మాలాంటి వాళ్ళకు ఈ వరస కంఠతా వచ్చేసింది.

దీనికి రాసేవాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. "ఇప్పుడు ఎలా చూస్తున్నారు" అని అడిగితే, అప్పటి సంగతి కూడా ఇప్పటి కళ్ళతోనే కనిపిస్తుంది. అర్థం మారిందని చెప్పాలంటే మారకముందు ఎలా ఉండేదో తెలియాలి కదా! సరిగ్గా ఆ ముక్కే ఈ వ్యాసాల్లో దొరకదు. అందుకని మేం కోరేది ఇది: అన్న మాట ఏమిటి, విన్నప్పుడు అనుకున్నది ఏమిటి, ఆ అభిప్రాయం ఎప్పుడు దేనివల్ల మారింది, ఇప్పుడు తోస్తున్నది ఏమిటి, ఈ నాలుగింటినీ వేర్వేరు తేదీలున్న నాలుగు సంగతులుగా రాబట్టండి. ఎందుకో, ఎలాగో కాస్త వివరంగా చెబుతాం.

ముందు జ్ఞాపకం సంగతి. 1984లో మైకేల్ కాన్వే, మైకేల్ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. చదువుకునే పద్ధతులు నేర్పే కోర్సుకు పేరిచ్చిన విద్యార్థులందరి చేతా, ఈ నైపుణ్యాలు ప్రస్తుతం తమకు ఎంతవరకు ఉన్నాయో ముందే రాయించుకున్నారు. కొందరికి కోర్సు చెప్పారు, మిగతావాళ్ళను కొన్నాళ్ళు ఆగమన్నారు. కోర్సు ముగిశాక అందరినీ అడిగింది ఒక్కటే: మొదట్లో ఏం రాశారో గుర్తుచేసుకుని అదే మళ్ళీ రాయండి. కోర్సు చేసినవాళ్ళు తమ పాత స్థితిని, తాము నిజంగా రాసిచ్చినదానికంటే తక్కువ చేసి గుర్తుచేసుకున్నారు. ఆగినవాళ్ళు అలా చేయలేదు. పోనీ కోర్సు వల్ల మార్కులు పెరిగాయా అంటే, అదీ లేదు.

బాగుపడ్డామని నమ్మినవాళ్ళ జ్ఞాపకంలో పాత మనిషి కాస్త కిందికి దిగిపోతాడు. గురుస్మృతుల్లో జరిగేదీ ఇదే. "అప్పట్లో నాకు ఓనమాలు కూడా రావు" అని రాసినవారిని ఆనాటి చిత్తుప్రతి ఉంటే పంపమని అడగండి. పంపితే, చాలాసార్లు ఆ పని వారు చెప్పుకున్నంత అధ్వానంగా ఉండదు. లోపాలుంటాయి, కానీ అవి ఫలానా చోట ఉన్న ఫలానా లోపాలు. వాటి పేరు చెప్పకుండా "నేను సున్నా" అనేయడం వినయంలా కనిపిస్తుంది గాని, దానివల్ల విమర్శ దేని మీదో పాఠకుడికి తెలియకుండా పోతుంది.

ఇక మాటల సంగతి. వాటర్‌గేట్ వ్యవహారంలో శ్వేతసౌధం మాజీ న్యాయ సలహాదారు జాన్ డీన్ 1973లో అమెరికా సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. అధ్యక్షుడు నిక్సన్‌తో జరిగిన సంభాషణలను ఎంతో వివరంగా అప్పజెప్పాడు. తర్వాత ఆ సమావేశాల టేపులు బయటపడ్డాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఉల్రిక్ నైసర్ ఆ సాక్ష్యాన్నీ టేపులనూ పక్కపక్కన పెట్టి పోల్చి 1981లో ఒక వ్యాసం ప్రచురించాడు. జరిగిన వ్యవహారం మొత్తంగా డీన్ చెప్పినట్టే ఉంది. కానీ ఫలానా రోజున ఫలానా మనిషి ఫలానా మాట అన్నాడన్న చోట మాత్రం చాలావరకు పొరపాట్లే. నెలల కిందటి మాటల విషయంలోనే, అదీ ప్రమాణం చేసి చెప్పే మనిషికే ఇలా అయితే, పాతికేళ్ళ కిందటి తిట్టును కొటేషన్లలో పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి.

అందుకని మేం పాటించే పద్ధతి చెబుతాం. కాగితం మీద ఉన్న మాటకు, అంటే దిద్దిన ప్రతి అంచున రాసిన వ్యాఖ్యకో, మెమోకో, ఉత్తరానికో, మెయిల్‌కో మాత్రమే కొటేషన్ గుర్తులు పెడతాం. నోటిమాట అయితే "అన్న అర్థం వచ్చేలా అన్నారు" అని మారుస్తాం. దీనికి వ్యాసకర్తలు గింజుకుంటారు, వ్యాసం చప్పబడిపోతుందంటారు. అయితే నోటిమాటల్లోనూ ఒకటీ అరా, అందులో మరొకరు వాడని పదమో పోలికో ఉన్నవి, మాటకు మాట నిలిచిపోతాయి. అలాంటిది ఉంటే ఆ ఒక్క పదాన్ని కొటేషన్లలో ఉంచి, మిగతా వాక్యాన్ని మామూలుగా రాయమనండి.

ఈ నాలుగు పొరలనూ విడివిడిగా చూపించగల ఉదాహరణ ఒకటి కావాలి. అన్న మాట అచ్చులో ఉండాలి, విన్న మనిషి అప్పుడే ఏం చేశాడో ఉత్తరాల్లో ఉండాలి, తర్వాతి దశాబ్దాల్లో ఏమనుకున్నాడో అతని నోటే వచ్చి ఉండాలి. అన్నీ కుదిరిన ఉదంతాలు అరుదు. ఖగోళ భౌతిక శాస్త్రవేత్తలు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, ఆర్థర్ ఎడింగ్టన్‌ల ఉదంతం అలాంటిది.

1935 జనవరి 11న లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశం జరిగింది. చంద్రశేఖర్‌కు 24 ఏళ్ళు, కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో ఫెలో. ఎడింగ్టన్‌కు 52, ఆ రంగంలో ఆయన మాటకు తిరుగులేదు. కాగితం మీద గురువు ఆయన కాదు, రాల్ఫ్ ఫౌలర్. కానీ అంతకుముందు నెలల్లో ఎడింగ్టన్ తరచూ చంద్రశేఖర్ గదికి వచ్చి, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూసి వెళ్ళేవాడు. ఆ లెక్కల సారం ఇది: ఇంధనం అయిపోయిన నక్షత్రం శ్వేత కుబ్జంగా, అంటే కుంచించుకుపోయిన దట్టమైన చిన్న తారగా, స్థిరపడాలంటే దాని ద్రవ్యరాశి ఒక హద్దు దాటకూడదు. ఇప్పుడు మనం వాడే విలువ సూర్యుడి ద్రవ్యరాశికి దాదాపు 1.4 రెట్లు. హద్దు దాటితే నక్షత్రం కుంగిపోతూనే ఉంటుంది.

చంద్రశేఖర్ ఆ రోజు ఈ సంగతి చెప్పి కూర్చోగానే ఎడింగ్టన్ లేచాడు. ఈ సిద్ధాంతం నిజమైతే నక్షత్రం కొన్ని కిలోమీటర్ల వ్యాసార్థానికి కుంచించుకుపోయేదాకా ఆగదని తానే వివరించాడు. నక్షత్రం ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ఆపే ప్రకృతి నియమం ఒకటి ఉండి తీరాలన్నాడు. ఆ సమావేశం కార్యకలాపాలు ఆ ఏడాదే 'ది అబ్జర్వేటరీ' పత్రికలో అచ్చయ్యాయి కాబట్టి ఈ మాటలకు కాగితం సాక్ష్యం ఉంది. ఎడింగ్టన్ వాదాన్ని జాగ్రత్తగా తూచిన తర్వాతే చర్చించగలమని చెప్పి అధ్యక్షుడు తర్వాతి అంశానికి వెళ్ళిపోయాడు. చంద్రశేఖర్‌కు జవాబు చెప్పే అవకాశం రాలేదు. అచ్చులో అది ఒక్క వాక్యం. నొప్పి పుట్టించిన మాట కంటే, ఆ మాట తర్వాత గదిలో ఎవరూ నోరు మెదపకపోవడం ఎక్కువకాలం మనసులో ఉండిపోతుంది. వ్యాసకర్తలు తిట్టిన మనిషిని వర్ణిస్తారు గాని, చుట్టూ కూర్చున్నవాళ్ళను మరిచిపోతారు. గదిలో ఇంకా ఎవరెవరు ఉన్నారో, వాళ్ళేం చేశారో తప్పకుండా అడగండి.

ఇది మొదటి పొర. రెండోది, విన్న వెంటనే ఆయన చేసిన పని. చంద్రశేఖర్ ఆ నెలలోనే కోపెన్‌హాగన్‌లోని నీల్స్ బోర్ సంస్థలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త లియోన్ రోజెన్‌ఫెల్డ్‌కు ఉత్తరాలు రాశాడు. ఎడింగ్టన్ వాదంలో అర్థమేమైనా ఉందా అని అడిగాడు. తమకేమీ కనిపించడం లేదని రోజెన్‌ఫెల్డ్, బోర్ అన్నారు. అంటే, అప్పట్లో ఆయన ఆ విమర్శను పాఠంగా తీసుకోలేదు, దీవెనగానూ తీసుకోలేదు. భౌతికశాస్త్రంలో తప్పొప్పుల తగువుగా తీసుకుని, తీర్పరుల కోసం వెతికాడు. తీర్పరులు చాటుగా ఆయన పక్షమే అయినా బహిరంగంగా ఆ మాట అనడానికి చాలాకాలం ముందుకు రాలేదు. ఎడింగ్టన్ వాదాన్ని తిప్పికొడుతూ డిరాక్, పయర్ల్స్, ప్రైస్ అనే భౌతిక శాస్త్రవేత్తలు కలిసి రాసిన పత్రం అచ్చయ్యేసరికి 1942 వచ్చింది. ఈలోగా చంద్రశేఖర్ అమెరికా వెళ్ళిపోయాడు. 1939లో నక్షత్రాల నిర్మాణం మీద తాను చేసినదంతా ఒక పుస్తకంగా రాసేసి, వేరే విషయాలకు మళ్ళిపోయాడు.

మూడో పొర ఇంకా చిత్రంగా ఉంటుంది. 1939లో పారిస్‌లో మరో సమావేశంలో ఇద్దరూ కలిశారు. చంద్రశేఖర్ తర్వాత చెప్పిన ప్రకారం, మనసు నొప్పించి ఉంటే మన్నించమని ఎడింగ్టన్ అన్నాడు. అభిప్రాయం మారిందా అని చంద్రశేఖర్ అడిగాడు. లేదన్నాడాయన. అలాంటప్పుడు దేనికి బాధపడుతున్నారని ముక్కుసూటిగా అడిగేసరికి, ఆయన మారుమాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తాను అలా అనకుండా ఉండాల్సిందని చంద్రశేఖర్ తర్వాత్తర్వాత నొచ్చుకున్నాడు. ఈ సంభాషణకు టేపు లేదు, అచ్చు లేదు. ఇద్దరిలో ఒకరు ఎన్నో ఏళ్ళకు చెప్పుకున్నది. అందుకే "చెప్పిన ప్రకారం" అన్నాం, కొటేషన్లు పెట్టలేదు. 1944లో ఎడింగ్టన్ చనిపోయినప్పుడు చంద్రశేఖర్ షికాగోలో సంస్మరణ ప్రసంగం చేశాడు. ఆయన ఎవరి గురించీ చెడుగా తలచే మనిషి కాదని, అందుకే శాస్త్ర విషయాల్లో ఆయనతో విభేదించడం తేలికని అన్నాడు. తొమ్మిదేళ్ళకు ఎంత మార్పో చూడండి. అయితే అది సంస్మరణ సభలో అన్న మాట. ఆ సందర్భాన్ని పక్కన పెట్టి ఆ మాట ఒక్కటే ఉదహరిస్తే మారిన అభిప్రాయంలో మర్యాద పాలెంతో, మనసు పాలెంతో తేలదు.

చివరి పొర 1977లో చరిత్రకారుడు స్పెన్సర్ వియర్ట్‌కు ఇచ్చిన మౌఖిక చరిత్ర ఇంటర్వ్యూ దగ్గర మొదలై, 1982లో ఎడింగ్టన్ శతజయంతికి కేంబ్రిడ్జ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల మీదుగా, జీవితచరిత్ర రాసిన కామేశ్వర్ వలీతో జరిపిన సంభాషణల దాకా సాగుతుంది. ఆ ఉపన్యాసాల్లో ఎడింగ్టన్‌ను తన కాలపు అగ్రశ్రేణి ఖగోళ భౌతిక శాస్త్రవేత్తగా నిలబెట్టాడు. అదే నోటితో, సాపేక్ష సిద్ధాంతాన్ని తొలినాళ్ళలోనే అందుకున్న మనిషికి ఈ కుంగిపోయే నక్షత్రం ఎందుకు మింగుడుపడలేదో తనకు అర్థం కాదన్నాడు. వలీతో మాట్లాడినప్పుడు వేరే సంగతి చెప్పాడు. ఆనాడు ఎడింగ్టన్ మెచ్చుకుని ఉంటే తాను చిన్నవయసులోనే ప్రసిద్ధుణ్ణయిపోయేవాణ్ణి, ఆ వెలుగులో తనకేమయ్యేదో తెలియదు అన్నది దాని సారం.

గమనించండి, ఇక్కడ అర్థం మారింది గాని తీర్పు మారలేదు. ఎడింగ్టన్ చెప్పింది 1935లో తప్పే, 1982లోనూ తప్పే. కృష్ణబిలాల గురించి ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి చూస్తే మరీ తప్పు. అయినా ఆ తప్పుడు విమర్శకు చంద్రశేఖర్ జీవితంలో ఉన్న చోటు మారుతూ వచ్చింది. మొదట శాస్త్ర తగువు, తర్వాత ఒక స్నేహంలో ముల్లు, చివరికి కీర్తి త్వరగా రాకపోవడం గురించిన ఆలోచన. "మేలు జరిగింది" అన్న చోట కూడా ఆయన "ఏమయ్యేదో తెలియదు" దగ్గరే ఆగాడు. "ఆ మాటే నన్ను మనిషిని చేసింది" అనేదాకా పోలేదు.

అందుకే మీ ప్రశ్నను మూడుగా విడగొట్టమంటున్నాం. ఆ విమర్శ పని విషయంలో సరైనదేనా? చెప్పిన తీరు సరైనదేనా? ఆ తర్వాత జీవితం ఎలా సాగింది? మామూలు వ్యాసాల్లో మూడో దానికి జవాబు "బాగుంది" అయితే, మొదటి రెండింటికీ అదే జవాబు వేసేస్తారు. మూడూ విడివిడిగా అడిగితే, తీరు ఘోరమైనా విషయం సరైనదనేవాళ్ళు ఉంటారు. విషయం తప్పే గాని అది వేరే దారి పట్టించిందనేవాళ్ళు ఉంటారు. పాఠకుడికి పనికొచ్చే వ్యాసాలు ఈ ఇద్దరి దగ్గరే దొరుకుతాయి.

ఇప్పుడు ఒక పేరాను దగ్గర పెట్టుకుని చూద్దాం. ఇది ఎవరి వ్యాసంలోదీ కాదు, ఇలాంటివి వచ్చే తీరును బట్టి కూర్చిన నమూనా.

"నా మొదటి సర్వే రిపోర్టును మేడమ్ బల్ల మీద పడేసి, 'నువ్వు ఈ పనికి పనికిరావు' అన్నారు. ఆ రాత్రంతా ఏడ్చాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే తెలుస్తోంది, అది తిట్టు కాదు, దీవెన అని."

ఇందులో రిపోర్టులో ఏం తప్పుందో లేదు. ఆ తప్పు ఎలా తెలిసిందో లేదు. 'పనికిరావు' అన్న మాటలో రిపోర్టు గురించిన సమాచారం గుండుసున్నా. మరి ఆ మాట వల్ల ఏం నేర్చుకున్నట్టు? 1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు విమర్శ, సూచనల మీద అంతకుముందు జరిగిన ప్రయోగాలను కలిపి లెక్కగట్టారు. చేతికొచ్చిన 607 ఫలితాల్లో సగటున మేలే కనిపించింది గాని, మూడో వంతుకు పైగా సందర్భాల్లో సలహా అందాక పని నాణ్యత పడిపోయింది. దృష్టి పని మీద నుంచి మనిషి మీదికి మళ్ళేకొద్దీ ఫలితం తగ్గుతుందని వాళ్ళు వివరించారు. కాబట్టి 'పనికిరావు' అన్న మాటే బాగుచేసిందని ఎవరైనా రాస్తే, బాగుచేసింది ఇంకేదో అయ్యుంటుందని అనుమానించాలి. అదేమిటో అడగాలి. నాలుగైదు ప్రశ్నల తర్వాత అదే పేరా ఇలా తేలవచ్చు:

"2004 జూన్‌లో ఇచ్చిన నా మొదటి సర్వే రిపోర్టులో పట్టికలో 240 ఇళ్ళు అని ఉంటే, కింది వివరణలో 204 అని ఉంది. మిగతా శాతాలన్నీ ఆ 204 మీద కట్టినవి. మేడమ్ రిపోర్టు తిరిగిచ్చేస్తూ నేను ఈ పనికి తగనన్న అర్థం వచ్చేలా అన్నారు. తప్పు ఎక్కడుందో చెప్పలేదు. రెండు రోజుల తర్వాత పక్క సీటాయన చూపించాడు. ఆ వారమే బదిలీకి అర్జీ రాసి, ఇవ్వకుండా దగ్గరే ఉంచుకున్నాను. పదేళ్ళకు నా కింద పనిచేసేవాళ్ళ రిపోర్టులు చూడటం మొదలయ్యాక, అంకెలు తారుమారైన రిపోర్టు పైకి వెళ్తే ఎవరు మాట పడాలో తెలిసొచ్చింది. ఆమెకు కోపం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. తప్పు ఎక్కడుందో చూపించడానికి అర నిమిషం చాలని కూడా అప్పుడే అర్థమైంది."

కన్నీళ్ళు పోయాయి, దీవెన పోయింది. వాటి బదులు అర్జీ వచ్చింది, పక్క సీటాయన వచ్చాడు. అన్నిటికంటే ముఖ్యంగా, అభిప్రాయం ఎప్పుడు మారిందో, దేనివల్ల మారిందో వచ్చింది. ఏడ్చామా, కోపమొచ్చిందా అన్నది ఏళ్ళు గడిచేకొద్దీ రంగు మారిపోతుంది. ఆ వారం ఏం చేశామన్నది అంత తొందరగా మారదు. మళ్ళీ రాసిచ్చారా, ఆ మనిషికి పని చూపించడం మానేశారా, ఉద్యోగం వెతుక్కున్నారా, ఎవరికైనా చెప్పుకున్నారా? అప్పటి భావాన్ని ఈ పనుల్లోంచి చదువుకోవచ్చు. ఉత్తరాలు, డైరీ, దిద్దిన ప్రతి, పాత మెయిళ్ళు తీయమని చెప్పడం కూడా ఇందుకే. వ్యాసం రాయకముందే తీయమనండి. రాశాక తీస్తే, రాసినదానికి సాక్ష్యం వెతుకుతారే గాని రాసినదాన్ని సరిచూడరు.

అభిప్రాయం మారడానికి కారణాలు కూడా ఏవో కొన్నే ఉంటాయి. తామే పై అధికారి కావడం, ఆ గురువు చనిపోవడం, తమకు పెద్ద పేరు రావడం, పాత ప్రతి చేతికి దొరకడం. ఇందులో చివరిది ఒక్కటే విమర్శలోని విషయాన్ని మళ్ళీ పరీక్షకు పెడుతుంది. మిగతా మూడూ విమర్శించిన మనిషి మీద మన అభిప్రాయాన్ని మెత్తబరుస్తాయి, అంతే. పై అధికారి అయ్యాక వచ్చే మార్పులో ఒక తిరకాసు కూడా ఉంది. తామూ అలాగే కసురుకోవడం మొదలుపెట్టినవాళ్ళకు, ఆనాటి కసురు న్యాయంగా కనబడటం అవసరమవుతుంది. దీన్ని మొహం మీద అడగలేరు. "ఇప్పుడు మీ కింద పనిచేసేవాళ్ళకు అలాంటి తప్పే కనిపిస్తే ఏం చేస్తారు?" అని అడగండి. జవాబును బట్టి మీకే తెలుస్తుంది.

ఎవరిచేత రాయిస్తున్నారన్నది ఇంకో చిక్కు. అభినందన సంచికకు వ్యాసకర్తల జాబితా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇప్పటికీ ఆ గురువుతో రాకపోకలున్నవాళ్ళ దగ్గర్నుంచి. అదే తిట్టు తిని, ఆ రంగమే వదిలి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఆ జాబితాలోకి రావు. అప్పుడు సంచిక మొత్తం చదివినవాడికి తిట్టినచోటల్లా మనిషి ఎదిగాడనే అనిపిస్తుంది. మధ్యలో వదిలి వెళ్ళిన ఒకరిద్దరినైనా వెతికి అడగండి. చాలామంది రాయరు. రాసినవాళ్ళు పొడుగ్గా రాయరు, ఒక పేజీ ఇస్తారు. ఆ పేజీని సన్మానానికి తగదని పక్కన పెట్టకండి. సన్మానం పొందే వ్యక్తి దాన్ని చదివి ఇబ్బంది పడతారేమోనన్న సంకోచం సహజమే. ఆయన జీవించి ఉంటే, అచ్చుకు ముందు ఆ భాగాన్ని ఆయనకు పంపి, జ్ఞాపకంలో తేడా ఉంటే రాసిమ్మనండి. తేడా వస్తే రెండూ వేయండి. దిద్ది ఒకటి చేయకండి. ఎడింగ్టన్ పారిస్ సంభాషణను తన వైపు నుంచి రాసి ఉంటే ఎంత బాగుండేదో కదా!

పేజీల పంపకం గురించి ఒక మాట. చిత్తుప్రతుల్లో తిట్టిన పూటకు రెండు మూడు పేరాలు, తర్వాతి ఇరవై ఏళ్ళకు ఒక వాక్యం ఉంటాయి. అర్థం మారడమే విషయమైనప్పుడు ఈ లెక్క తలకిందులు కావాలి. వెయ్యి పదాల వ్యాసమైతే సంఘటనకు రెండు వందలు చాలు. మిగతాది ఆ వారానికీ, మార్పు వచ్చిన ఏడాదికీ ఇమ్మనండి. ఇప్పటి అభిప్రాయం నాలుగు వాక్యాలు మించితే ఉపదేశంలోకి దిగిపోతుంది. మేమైతే అక్కడ నిర్దాక్షిణ్యంగా కత్తెర వేస్తాం.

చివరిగా, అర్థం మారనివాళ్ళు. ముప్పై ఏళ్ళు గడిచినా ఆ మాట అన్యాయమే అనుకునేవాళ్ళు ఉంటారు. అలాంటి వ్యాసం వస్తే దానికో సర్దుబాటు ముగింపు అడగడం సంపాదకులకు అలవాటు. అడగకండి. వారి దగ్గర ఆనాటి ప్రతి ఉండి, విమర్శ ఎక్కడ తప్పో చూపించగలిగితే, అది ఆ సంచికలో అన్నిటికంటే గట్టి వ్యాసం అవుతుంది. ప్రతి లేకపోతే, తప్పని ఇప్పటికీ ఎందుకు అనుకుంటున్నారో రాయమనండి, అంతవరకే వేయండి. మీ తర్వాతి ఆహ్వానంలో "ఇన్నేళ్ళ తర్వాత ఎలా చూస్తున్నారు" అన్న వాక్యం తీసేసి, "మీ అభిప్రాయం మారిందా? మారితే ఏ ఏడాది, దేనివల్ల?" అని వేసి చూడండి. "మారలేదు" అన్న జవాబుకు కూడా ఫారంలో చోటు ఉంచండి.

ఇట్లు,
స్మృతి వ్యాసాలు దిద్దే కొందరు ఉపసంపాదకులు